తిరగరాసే బ్యాచ్‌లో ఒక మెసేజ్ ఉద్దేశం తెలియకపోతే

ప్రశ్న: "క్లయింటు పంపిన ఎస్సెమ్మెస్‌లన్నీ సులువైన తెలుగులోకి తిరగరాస్తున్నాను. ఒకటి మాత్రం ఎందుకు పంపుతారో అర్థం కావట్లేదు. ఊహించి రాసేయనా, పని ఆపి అడగనా?"

రెండూ వద్దు. ఆ ఒక్కటి పక్కన పెట్టి మిగతావి కానివ్వండి, దానికి మాత్రం ప్రశ్నలు రాసి పంపండి. హైదరాబాద్‌లో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్ మెసేజ్‌లు రాస్తున్నప్పుడు నాకు ఇలాంటిదే తగిలింది: "మీ శాంపిల్ మళ్లీ ఇవ్వవలసి ఉన్నది. రేపు ఉదయం ఫాస్టింగ్‌తో రాగలరు."

చదవడానికి బాగానే ఉంది. కానీ శాంపిల్ మళ్లీ ఎందుకు? ట్యూబులో రక్తం గడ్డకట్టిందా, లేక రిజల్ట్ తేడాగా వచ్చి మరోసారి చూస్తున్నారా? "శాంపిల్ పాడైంది" అని నేనే రాసేస్తే రెండో రకం పేషెంటుకి అబద్ధం చెప్పినట్టే. పైగా ఫాస్టింగ్ షుగర్‌కి కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు గానీ, రక్తకణాలు లెక్కించే సీబీసీ టెస్టుకి ఆ అవసరమే లేదు.

ముందు షీట్‌లోనే వెతికాను. ఈ మెసేజ్ ఎప్పుడు వెళ్తుందో చెప్పే కాలమ్‌లో `RECOLLECT` అని మాత్రమే ఉంది. అందుకని ల్యాబ్ మేనేజర్‌కి ఇలా పంపాను:

"ఇది శాంపిల్ పనికిరానప్పుడే వెళ్తుందా, రిజల్ట్ సరిచూసుకోవడానికి కూడానా? ఏ టెస్టు అయినా ఇదే వెళ్తుందా, ఫాస్టింగ్ టెస్టులకేనా? రాత్రి పదకొండుకి కూడా వెళ్లే అవకాశం ఉందా? మళ్లీ డబ్బు కట్టాలా?"

ప్రతిదానికీ ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. "ఈ మెసేజ్ కొంచెం వివరించగలరా" అని అడిగితే, అదే వాక్యం ఇంకో రకంగా తిప్పి పంపుతారు. మూడో ప్రశ్న అనవసరంగా అనిపించొచ్చు. కానీ భోంచేసి పడుకోబోయేవాళ్లకి "రేపు ఉదయం" అంటే, వాళ్లు ఆరుకే వస్తే ఎనిమిది గంటలు ఎక్కడ సరిపోతాయి?

సాయంత్రానికి జవాబు వచ్చింది. రెండు సందర్భాలకీ ఇదే మెసేజ్ వాడుతున్నారట, డబ్బు మాత్రం కట్టక్కర్లేదట. దాంతో ఒక మెసేజ్ కాస్తా రెండైంది, ఫాస్టింగ్ మాట అవసరమైన టెస్టులకే మిగిలింది. మన దేశంలో ఎస్సెమ్మెస్ టెంప్లేట్లు టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో ముందే రిజిస్టర్ చేయించాలి. ఊహించి రాసింది తప్పైతే ఆ తతంగమంతా మళ్లీ మొదటికి వస్తుంది.

అలాగని ప్రతి ముతక వాక్యానికీ ప్రశ్నలు పంపకండి, చిరాకు పడతారు. నేను చూసేది ఒకటే: ఈ మెసేజ్‌ని రెండు రకాలుగా తిరగరాస్తే, చదివినవాళ్లు రెండు వేర్వేరు పనులు చేస్తారా? చేస్తారంటే అడుగుతాను. చేయరంటే నాకు తోచింది రాసేస్తాను.

గడువులోగా జవాబు రాకపోతే ఆ వరుసలో పాత మెసేజ్‌నే ఉంచి, పక్కన ప్రశ్నలు పెట్టి మిగతా బ్యాచ్ ఇచ్చేయండి. "ప్రస్తుతానికి" అంటూ చిత్తుప్రతి మాత్రం పెట్టొద్దు, ఎవరో ఒకరు దాన్నే కాపీ చేసి అప్‌లోడ్ చేసేస్తారు.