స్కూల్ వాళ్ళ దగ్గర పాత బస్సు కొంటుంటే ముందు ఆర్‌సీలో క్లాస్ చూడండి

ప్రశ్న: అన్నా, మా ఊరి పక్కన ఒక ప్రైవేట్ స్కూల్ వాళ్ళు 26 సీట్ల మినీ బస్సు అమ్ముతా ఉండారు, 2014 మోడల్. నా పేరు మీద కొని పొద్దున సాయంత్రం పిల్లల్ని, ఆదివారాలు పెళ్ళిళ్ళకి, కాణిపాకం కాళహస్తి ట్రిప్పులకి తిప్పాలని ఉంది. పేపర్లలో ఏం చూడాల, బండిలో ఏం చూడాల? మాది తిరుపతి.

జవాబు:

తమ్ముడూ, నేను నాలుగేళ్ళ క్రితం చంద్రగిరి పక్క అచ్చం ఇట్లాంటి బండే కొన్నా, పసుపు రంగు స్కూల్ బస్సు. కొన్న రెండు నెలలు అది మా ఇంటి ముందరే నిలబడింది. ఇంజన్ పాడై కాదు, పేపర్ల వల్ల. అందుకే ఇంజన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆర్‌సీ తీసి వెహికల్ క్లాస్ దగ్గర ఏం రాసుందో చూడు. స్కూల్ బండి అయితే ఎడ్యుకేషనల్ ఇన్‌స్టిట్యూషన్ బస్ అని ఉంటాది. చట్టంలో ఆ మాటకి అర్థమే స్కూలో కాలేజో సొంతంగా పెట్టుకుని, తన పిల్లల్ని, స్టాఫ్‌ని మాత్రమే తిప్పే బండి అని. నువ్వు స్కూల్ కాదు కదా, కాబట్టి ఆ క్లాస్‌తో నీ పేరు మీదకి రాదు. ఓనర్ పేరు మార్చడంతో పాటు క్లాస్ కూడా కాంట్రాక్ట్ క్యారేజ్‌కి, అంటే బాడుగకి మాట్లాడుకుని తిప్పే బండి కింద మార్పించుకుని, దానికి పర్మిట్ తీసుకోవాల. ఇది చెప్పకుండా బ్రోకర్లు "ఫారం 29, 30 సంతకాలు పెట్టించినాం అన్నా, ఇంక నీదే బండి" అంటారు. నాకూ అదే చెప్పినారు, నేనూ నమ్మినా.

క్లాస్ మారితే ఏమవుతాదంటే ట్యాక్స్ మారిపోతాది. స్కూల్ బస్సుకి ట్యాక్స్ చాలా తక్కువ, అదే కాంట్రాక్ట్ క్యారేజ్‌కి సీటుకింత అని మూడు నెలలకోసారి కట్టాల, 26 సీట్లంటే చిన్న మొత్తం కాదు. ధర మాట్లాడే ముందే ఆర్టీఓ ఆఫీసుకి పోయి, ఈ సీట్ల సంఖ్యకి క్వార్టర్ ఎంత పడుతుందో కాగితం మీద రాయించుకుని, నీకు వచ్చే ట్రిప్పులతో సరిపోతుందేమో లెక్కేసుకో. చాలామంది చిన్న ఆపరేటర్లు 12 ప్లస్ 1 ట్రావెలర్‌కే ఎందుకు పోతారంటే డ్రైవర్ కాకుండా 12 మంది దాకా అయితే మ్యాక్సీ క్యాబ్ కింద వస్తాది, ఒక్క సీటు పెరిగినా ఆ లెక్క తప్పిపోతాది. నీకు పిల్లలు పద్దెనిమిది ఇరవై మందే అయితే పెద్ద బస్సు ఒకటి కంటే ఆ చిన్న బండితో రెండు ట్రిప్పులు వేసుకోవడమే మేలని నా అభిప్రాయం.

పర్మిట్ తర్వాత చూసుకుందాంలే, ముందు స్కూల్ పేరు మీదే తిప్పుదాం అని మాత్రం అనుకోవద్దు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపితే పర్మిట్ లేని బండికి 10,000 జరిమానా, బండి సీజ్. అంతకంటే భయం ఇన్సూరెన్స్‌తో. స్కూల్ బస్సుగా పాలసీ తీసుకుని పెళ్ళి ట్రిప్పులో యాక్సిడెంట్ అయితే కంపెనీ వాడకం తప్పని చేతులెత్తేయొచ్చు, ఆ డబ్బు నీ మీద పడుతుంది, బండిలో ఉండేది మనుషులు.

ఇంక నా బండి ఎందుకు ఆగిందో చెప్తా. ఆర్‌సీలో ఓనర్ పేరు దగ్గర స్కూల్ కరస్పాండెంట్ అని ఉంది, స్కూల్ నడిపేది ఒక సొసైటీ. సంతకం పెట్టినాయన పాత కరస్పాండెంట్, నేను కొనేటప్పటికి ఆయన మారిపోయి ఏడాది అయింది. సంతకం సరిపోలేదని ఫైల్ వెనక్కి వచ్చింది. కొత్తాయన దగ్గరికి పోతే, సొసైటీ తీర్మానం లేకుండా నేను పెట్టను అన్నాడు, ఆయన తప్పు కూడా లేదు. మీటింగ్ పెట్టి, తీర్మానం రాసి, సీల్ వేసి ఇచ్చేసరికి జూన్ అయిపోయింది, నేను మాట్లాడుకున్న పిల్లలు వేరే వ్యాన్‌కి పోయినారు. కాబట్టి అడ్వాన్స్ ఇచ్చే ముందే, బండి అమ్ముతున్నాం అని తీర్మానం కాపీ, ఇప్పుడున్న కరస్పాండెంట్ సంతకం, ఆధార్ తీసుకో. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉంటే, అప్పు తీరిపోయిందని ఫైనాన్స్ వాళ్ళు ఇచ్చే ఫారం 35, ఎన్‌ఓసీ లేకుండా ఒక్క రూపాయి ఇవ్వద్దు. mParivahan యాప్‌లో నంబర్ కొడితే ఎఫ్‌సీ అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉండాయో కనిపిస్తాయి.

ఇంకొక సంగతి. మన దగ్గర స్కూల్ బస్సుల ఎఫ్‌సీ మే 15 తో అయిపోతాది, స్కూళ్ళు తెరిచే లోపల మళ్ళీ చేయించుకోవాల. ఏప్రిల్, మే నెలల్లో అమ్మకానికి వచ్చే బండ్లలో సగం, ఎఫ్‌సీకి ఖర్చు పెట్టలేక వదిలించుకునేవే అని నాకు అనిపిస్తాది. కొత్త పెయింట్ తళతళలాడతా ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడు. పైగా 15 ఏళ్ళు దాటిన బండిని స్కూల్ పిల్లలకి వాడనీరు, 2014 మోడల్ అంటే నీకు మిగిలేది 2029 దాకానే, ధరలో అది కూడా చూసుకో.

బండి దగ్గరికి పొద్దున్నే పో, ముందు రోజు ఫోన్ చేయొద్దు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు, వెచ్చగా ఉంటే నువ్వు వచ్చే ముందే స్టార్ట్ చేసి పెట్టినారని అర్థం, ఇంకో రోజు వస్తానని వచ్చేసెయ్. చల్లటి ఇంజన్ ఎన్ని సెల్ఫులకి అందుకుంటుందో చూసి, ఆయిల్ పోసే మూత తీసి ఆన్‌లో పెట్టు. అక్కడ నుంచి పొగ దబ దబా తంతా ఉంటే బ్యాక్ కంప్రెషన్, అంటే పిస్టన్ రింగులు పోయినాయి, బోర్ పనికి వస్తాది.

స్కూల్ బండికి కిలోమీటర్లు తక్కువ ఉంటాయి, దాన్ని చూసి మురిసిపోవద్దు. పది మీటర్లకొకసారి ఆపి, పిల్లల్ని ఎక్కించి, మళ్ళీ కదిలించే బండి, క్లచ్ బ్రేకులు ఎప్పుడో అరిగిపోయుంటాయి. రెండు నెలలు ఎండలో ఊరికే నిలబడి టైర్లు పగిలి ఉంటాయి. టైర్ పక్కన నాలుగంకెలు ఉంటాయి చూడు, 2319 అంటే 2019 లో 23వ వారం తయారైందని, గాడి బాగున్నా ఆరేడేళ్ళ టైర్ నమ్మొద్దు.

అన్నిటికంటే ముఖ్యం తుప్పు. ఎక్కే మెట్టు దగ్గర, వెనక చక్రాల పైన ఫ్లోర్ మ్యాట్ ఎత్తించు. వద్దంటే అక్కడే ఏదో ఉన్నట్టు. పిల్లలు వానలో తడిసి ఎక్కుతారు, నీళ్ళ బాటిళ్ళు ఒంపుతారు, ఆ నీళ్ళు మ్యాట్ కిందికి పోయి ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. నేను స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే మెట్టు పక్క రేకు బిస్కెట్ మాదిరి పొడి రాలింది, పైన మాత్రం పట్టీ పెట్టి పెయింట్ కొట్టి ఉండారు. రేకు పోతే టింకరింగ్ చేయించుకోవచ్చు, కానీ కింద చాసిస్ మెంబర్ మీద వెల్డింగ్ అతుకులు కనిపిస్తే ఎంత తక్కువకి ఇచ్చినా ఆ బండి వద్దు.

ఆఖరికి ఒక పది మందిని ఎక్కించుకుని భాకరాపేట ఘాట్ దాకా పోయి రా. దిగేటప్పుడు రెండో గేర్‌లో పెట్టి బ్రేక్ ఎంత లోతుకి పోతుందో, బండి పక్కకి లాగుతుందేమో, చక్రాల దగ్గర కాలిన వాసన వస్తుందేమో గమనించు.

ధర కుదిరినాక డబ్బులన్నీ ఒకేసారి ఇవ్వద్దు. నేను ఇప్పుడు ఎవరికి కొనిచ్చినా పావు వంతు పట్టుకుని, పేరూ క్లాసూ మారిన ఆర్‌సీ చేతికొచ్చినాకనే ఇస్తాం అని స్టాంప్ పేపర్ మీద రాయించి, కరస్పాండెంట్ దగ్గరే సంతకం తీసుకుంటా. బ్రోకర్ సంతకం లెక్కలోకి రాదు.