ఎనిమిది బిట్ల ఋణ సంఖ్యను సరిచూచే పద్ధతి

మిత్రమా,

నమస్కారం. టూస్ కాంప్లిమెంట్ మీద మీరు రాసి పంపిన పాఠం చదివాను. వివరణ మీద నాకు పెద్దగా అభ్యంతరాలు లేవు. ఉదాహరణ కింద "సరిచూచుట" అంటూ మీరు పెట్టిన రెండు వరుసల గురించే ఈ ఉత్తరం.

మీరు తీసుకున్న బిట్లు 10110100. మొదటి బిట్ 1 కాబట్టి ఇది ఋణ సంఖ్య అన్నారు. బిట్లన్నిటినీ తలకిందులు చేసి 01001011 తెచ్చారు. దానికి ఒకటి కలిపినప్పుడు కుడి చివరి రెండు స్థానాల నుంచీ క్యారీ ఎడమకు జరిగి 01001100 వచ్చింది. ఇంతవరకు తప్పు లేదు. ఆ తర్వాత దాన్ని 64 + 4 అని చదివి, జవాబు −68 అని రాశారు. మధ్యలో ఉన్న 8 జారిపోయింది. చేత్తో లెక్క చేసేటప్పుడు ఇలాంటివి దొర్లుతూనే ఉంటాయి, దాన్ని నేను పెద్ద విషయంగా తీసుకోను. అసలు చిక్కు దాని కింద ఉంది. 10110100 కు 01001100 కలిపి, తొమ్మిదో స్థానంలోకి పోయిన క్యారీని వదిలేసి, 00000000 మిగిలింది కాబట్టి జవాబు సరైనదేనని మీరు తేల్చేశారు. ఆ కూడిక నిజంగానే సరైనది, కానీ 68 అనే సంఖ్య అందులో ఎక్కడా లేదు. మీరు సరిచూసింది బిట్లను మాత్రమే, జవాబును కాదు.

జవాబును సరిచూడాలంటే దశాంశ సంఖ్యే లెక్కలోకి రావాలి. అందుకు నేను చేసేది ఇది: ఇచ్చిన బిట్లను గుర్తు సంగతి మరచిపోయి మామూలు సంఖ్యగా చదువుతాను. 128 + 32 + 16 + 4 కలిపితే 180. దీనికి జవాబులోని పరిమాణాన్ని, అంటే మైనస్ తీసేసిన సంఖ్యను, కలిపితే కచ్చితంగా 256 రావాలి. 180 కి 68 కలిపితే 248 మాత్రమే వస్తుంది. తప్పు బయటపడడమే కాదు, తగ్గిన 8 ఏ స్థానం జారిపోయిందో కూడా చెబుతోంది. సరైన జవాబు −76. ఒకటి కలపడం మరచిపోయి −75 అని రాసినవారికి మొత్తం 255 దగ్గర ఆగిపోతుంది.

ఈ పద్ధతి మీద నాకు నమ్మకం కలగడానికి కారణం ఉంది. మొదటి లెక్కలో మీరు కలపాల్సినవి 64, 8, 4 స్థానాలు. ఈ లెక్కలో 128, 32, 16, 4 కలిపాము. కుడి నుంచి చూస్తే మొట్టమొదట కనిపించే 1 ఒక్కటే రెండింటిలోనూ ఉంటుంది, మిగతావన్నీ వేర్వేరు స్థానాలు. నడిచిన దారిలోనే వెనక్కి నడిస్తే కళ్లు మళ్లీ అదే గుంటను చూడకుండా దాటిపోయే ప్రమాదం ఉంది. ఇక్కడ దారే వేరు.

సరి, బేసి చూసి వదిలేయడం చాలదు. చివరి బిట్ 0 కాబట్టి జవాబు సరి సంఖ్య కావాలన్నది నిజమే, −75 దాంతోనే దొరికిపోతుంది. మీ −68 మాత్రం ఆ పరీక్ష సునాయాసంగా దాటేస్తుంది. మొదటి బిట్‌ను ఉత్త మైనస్ గుర్తుగా తీసుకొని, మిగిలిన ఏడు బిట్లను 52 గా చదివి −52 అని రాసేవారి జవాబూ దాటేస్తుంది. 180 కి 52 కలిపితే మాత్రం 232 వచ్చి ఆ తప్పు బయటపడుతుంది.

ఆ పొరపాటు పాఠకులలో చాలా ఎక్కువ. అందుకే ఉదాహరణగా 11000000 ను ఎప్పుడూ తీసుకోకండి. సరైన పద్ధతిలోనూ, మొదటి బిట్‌ను మైనస్‌గా చదివే పద్ధతిలోనూ దాని విలువ −64 అనే వస్తుంది. తప్పుడు దారిలో వెళ్లినవారికి కూడా సరైన జవాబు దొరికితే, మీ పాఠం వారికి తప్పునే నేర్పినట్టు.

256 తో సరిచూడడానికీ ఒక హద్దు ఉంది. 10110100 ను కాగితం మీదకు ఎక్కించేటప్పుడే 10101100 అని రాసుకుంటే 172, 84 వస్తాయి. వాటి మొత్తమూ 256 యే. పొరపాటు లెక్కకు ముందే జరిగింది కనుక లెక్క దాన్ని పట్టుకోలేదు. బిట్లను 1011 0100 అని నాలుగేసి విడదీసి రాసి, ఒకసారి మూలంతో పోల్చి చూడండి. అలా విడదీస్తే మొదటి సగం 11, రెండో సగం 4. 11 × 16 + 4 అని 180 కూడా త్వరగా దొరుకుతుంది.

చివరగా, అభ్యాసాలలో 10000000 ను తప్పక ఇవ్వండి. తలకిందులు చేసి ఒకటి కలిపితే మళ్లీ అదే 10000000 రావడం చూసి పాఠకులు లెక్క తప్పిందనుకుంటారు. వచ్చినదాన్ని గుర్తు లేని 128 గా చదవాలని, అప్పుడు 128 + 128 = 256 అవుతుందని, కాబట్టి జవాబు −128 అని అక్కడే ఒక వాక్యంలో రాయండి. సవరించిన ప్రతి పంపితే మళ్లీ చూస్తాను.