గెయినర్ డబ్బా కొనే ముందు దాని వెనుక పట్టిక చదువు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన డబ్బా ఫోటో చూశాను. జిమ్‌లో చేరి మూడు వారాలే అయింది, అప్పుడే 3 కిలోల వెయిట్ గెయినర్ కొనమని ట్రైనర్ చెప్పాడని, దానికి 3,000 రూపాయలు కావాలని అమ్మను అడిగావట. ముప్పై ఏళ్లుగా సన్నటి కుర్రాళ్లకు బరువులెత్తడం నేర్పుతున్నాను. ఈ డబ్బా కోసం ఇంట్లో పోట్లాడిన వాళ్లను చాలామందిని చూశాను. అందుకే కొనవద్దని ఊరికే చెప్పి వదిలేయను. డబ్బా వెనుక అచ్చు వేసిన పట్టికను నాతో కలిసి ఒకసారి చదువు.

అందులో 100 గ్రాముల పొడికి 381 కేలరీలు, 15 గ్రాముల ప్రోటీన్, 78 గ్రాముల పిండిపదార్థాలు, ఒక గ్రాము కొవ్వు అని ఉంది. పదార్థాల జాబితాలో అన్నిటికన్నా ఎక్కువ బరువున్నది మొదట రాస్తారు. అక్కడ మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్. అది మొక్కజొన్న వంటి వాటి పిండి నుంచి తీసే పొడి, ఒంట్లోకి దాదాపు గ్లూకోజు అంత వేగంగా చేరుతుంది. లెక్క వేస్తే 3 కిలోల డబ్బాలో ప్రోటీన్ 450 గ్రాములు, పిండిపదార్థాలు 2,340 గ్రాములు. నీ 3,000 రూపాయల్లో ఎక్కువ భాగం పోయేది ఈ పిండికే. డబ్బా ముందు వైపు పెద్ద అక్షరాల్లో వేసిన ప్రోటీన్ అంకె కింద చిన్న అక్షరాలను కూడా చూడు. పాలతో కలిపి, రోజుకు రెండుసార్లు తాగితే అని ఉంటుంది. అంటే అందులో కొంత నువ్వు పోసుకునే పాలదే.

ఇది తాగితే బరువు పెరగదని నేను అనను, పెరుగుతుంది. ఏది పెరిగిందన్నదే ప్రశ్న. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు అలాంటివి రెండు నెలల్లో మూడు డబ్బాలు తాగాడు. 5 కిలోలు పెరిగి సంబరపడ్డాడు. టేపుతో కొలిస్తే నడుము 28 అంగుళాల నుంచి 31 అయింది. బెంచ్ ప్రెస్‌లో మాత్రం 40 కిలోల దగ్గరే ఆగిపోయి ఉన్నాడు. కండ పెరిగి ఉంటే బలం కూడా పెరిగి ఉండేది. కొన్ని గెయినర్లలో క్రియాటిన్ కూడా కలుపుతారు. దానివల్ల మొదటి వారంలోనే కండరాల్లో నీరు చేరి తూకం కిలో వరకు పెరగవచ్చు. అది చూసి మందు పని చేస్తోందని అనుకుంటారు.

ఇక నీ సంగతి. 5 అడుగుల 9 అంగుళాల ఎత్తు, 54 కిలోల బరువు. చాలా తింటాను అని రాశావు. సన్నగా ఉన్నవాళ్లందరూ అదే చెబుతారు, అబద్ధం చెప్పాలని కాదు, నిజంగానే అలా అనిపిస్తుంది. నీ హాస్టల్ తిండి అమ్మ చెప్పినదాన్ని బట్టి లెక్క వేశాను. ఉదయం నాలుగు ఇడ్లీలు, రెండు పూటలా అన్నం, పలుచటి పప్పు, ఒక కప్పు పెరుగు, ఒక గుడ్డు. ఇదంతా కలిపినా ప్రోటీన్ 50 గ్రాములకు అటూ ఇటూగా తేలుతుంది. ఆలస్యమైన రోజు ఇడ్లీలు కూడా మానేస్తావు. బరువులెత్తేవాళ్లకు కిలో బరువుకు 1.6 గ్రాముల చొప్పున సరిపోతుంది. నీకు అది సుమారు 85 గ్రాములు. కొరత 35 గ్రాములు, అంతే.

ఈ 35 గ్రాములు ఎక్కడి నుంచి వస్తాయో చూడు. చిక్కటి పాలు అర లీటరు ప్యాకెట్టు తీసుకుంటే 16 గ్రాములు. అదనంగా రెండు గుడ్లు, 12 గ్రాములు. గుప్పెడు, అంటే 30 గ్రాముల వేయించిన పల్లీలు, 7 గ్రాములు. ఇంతటితో కొరత తీరింది. కేలరీలు కూడా 700 దాటాయి. ఖర్చు రోజుకు 50, 60 రూపాయలు. నీ డబ్బా రోజుకు 100 గ్రాముల చొప్పున వాడితే 100 రూపాయలు పడుతుంది, ఇచ్చేది ఇందులో దాదాపు సగం.

పాలు ఒకేసారి తాగవద్దు. ఉదయం సగం, పడుకునే ముందు సగం. భోజనానికి ముందు తాగితే ఆకలి చచ్చి అన్నం తగ్గిస్తావు, అప్పుడు కలిపింది తీసేసినట్టే. ఎంత జాగ్రత్తపడ్డా కొంత తగ్గుతుంది, అందుకే 700 కేలరీలు పెడితే నికరంగా 500 మిగులుతుందని నా అనుభవం. పాలలోని చక్కెర పడక కడుపు ఉబ్బరిస్తే పెరుగుకు మారు. గెయినర్లలో ప్రోటీన్ కోసం వాడే, పాల నుంచి తీసిన చవక రకం వే పొడిలో కూడా ఆ పాల చక్కెరే ఉంటుంది కాబట్టి, పాలు పడనివాళ్లకు చాలావరకు అవీ పడవు. గుడ్లు ఎలా ఉడకబెట్టాలి అంటావేమో, వార్డెన్ ఒప్పుకుంటే నీ కరెంటు కెటిల్ చాలు.

వే ప్రోటీన్ వేరే సంగతి, దాన్ని గెయినర్‌తో కలిపి చూడవద్దు. పాలు విరగ్గొట్టి చీజ్ తీశాక మిగిలే తేటను వడకట్టి ఎండబెట్టిన పొడి అది. మంచి రకంలో 30 గ్రాముల చెంచాకు 24 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది. గుడ్డు, మాంసం ముట్టనివాళ్లు, గదిలో ఏమీ వండుకునే వీలు లేనివాళ్లు రోజుకు ఒక చెంచా వాడితే నేను కాదనను. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ముట్టరాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కండ పెంచుకోవడానికి ప్రోటీన్ పొడులు వద్దనే చెప్పింది. గుడ్డు తినే నీకు ఆ అవసరం నాకూ కనిపించడం లేదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. లేబుల్ లేకుండా సంచిలో పోసి ఇచ్చే పొడిగానీ, ఆకలి పెంచుతాయని ఇచ్చే మాత్రలుగానీ ఎవరిచ్చినా తీసుకోవద్దు. వాటిలో స్టెరాయిడ్ మందులు ఉండవచ్చు. ముఖం గుండ్రంగా ఉబ్బడం, పగలంతా మత్తుగా నిద్ర రావడం కండ పెరిగిన గుర్తులు కావు. ఇప్పటికే తీసుకుంటూ ఉంటే నాకు వెంటనే ఫోను చెయ్యి. స్టెరాయిడ్లను హఠాత్తుగా మానడం కూడా ప్రమాదమే, డాక్టరు దగ్గరికి నేను తీసుకువెళతాను. ఈ మధ్య కారణం లేకుండా బరువు తగ్గి ఉన్నా, సాయంత్రాలు జ్వరం, తీరని దాహం, గుండెదడ ఉన్నా, తిండి లెక్క తర్వాత, ముందు పరీక్షలు చేయిద్దాం.

రేపటి నుంచి వారానికి మూడు రోజులు, ఉదయం లేచి బాత్రూముకు వెళ్లి వచ్చాక, ఏమీ తినకముందు ఒకే తూకం మీద బరువు చూసుకో. మూడింటి సగటు రాసుకో. పదిహేను రోజులకోసారి బొడ్డు దగ్గర నడుము కొలువు. స్క్వాట్, బెంచ్ ప్రెస్ ఎన్ని కిలోలు, ఎన్నిసార్లు ఎత్తావో రాయి. నెలకు కిలో నుంచి కిలోన్నర పెరిగి, ఎత్తే బరువు పెరుగుతూ, నడుము దాదాపు అలాగే ఉంటే మన లెక్క సరిగ్గా ఉన్నట్టు. రెండు వారాలు గడిచినా సగటు కదలకపోతే రెండు అరటిపండ్లు, మరో గుప్పెడు పల్లీలు కలుపు. నడుమే ముందు పెరుగుతుంటే పాలు సగానికి తగ్గించి, గుడ్లు అలాగే ఉంచు.

అమ్మకు ఫోను చేసి 3,000 వద్దని చెప్పు. పాలకూ గుడ్లకూ ఈ నెల డబ్బు నేను పంపుతున్నాను. నోటు పుస్తకంలో మొదటి నెల అంకెలు నిండాక ఆ పేజీ ఫోటో తీసి పంపు, చూసి రెండో నెలకు ఏం మార్చాలో రాస్తాను.

నీ మామయ్య