గుండె జబ్బు ఉన్నవాళ్లు మోషన్‌కి ముక్కకూడదా?

ప్రశ్న: మా మామగారికి 64 ఏళ్లు. బీపీ ఉంది, గుండె వీక్ అని మందులు వాడుతున్నారు. మోషన్ గట్టిగా వస్తోంది, టాయిలెట్‌లో చాలాసేపు ముక్కుతారు. ప్రమాదమా? ఇసబ్గోల్ ఇవ్వొచ్చా?

జవాబు: ప్రమాదమేనండీ. మాది తిరుపతి. హార్ట్ ఎటాక్ వచ్చాక మా నాయనకి గుండె వీకయింది. ఒకరోజు తెల్లారగట్ల గట్టిగా ముక్కి, పైకి లేస్తూనే కళ్లు తిరిగి గోడకి ఒరిగిపోయినాడు. గడియ వేసుకోలేదు కాబట్టి అమ్మ లోపలికి పోయి పట్టుకుంది.

ముక్కేటప్పుడు ఊపిరి బిగబడతాం. ఛాతీలో ఒత్తిడి పెరిగి మొదట బీపీ ఎగుస్తుంది. అలాగే బిగబట్టి ఉంటే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, గుండె బయటికి పంపేదీ తగ్గుతుంది. ఊపిరి వదిలాక ఆగిన రక్తమంతా ఒక్కసారి వచ్చిపడి బీపీ మళ్లీ ఎగుస్తుంది, గుండె వేగం మాత్రం తగ్గిపోతుంది. మంచి గుండె దీన్ని సెకన్లలో సర్దుకుంటుంది. బ్లాకులు ఉన్నవాళ్లకైతే ఛాతీ నొప్పి రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. బీపీ అదుపులో లేకపోతే, ఎగిసిన ఆ క్షణంలో మెదడులో బలహీనంగా ఉన్న రక్తనాళం చిట్లే ప్రమాదం ఉంది. నాయనకి దీనికి తోడు, బీపీ మాత్రలు, ఒంట్లో నీరు తీసే మాత్ర వల్ల లేవగానే బీపీ ఇంకా పడిపోయింది.

మోషన్ గట్టిపడడానికి కారణమూ ఆ మందుల చీటీలోనే దొరికింది. నీరు తీసే మాత్ర, రోజుకు లీటరున్నర మించి నీళ్లు తాగొద్దన్న నియమం, పైగా రక్తం తక్కువని ఐరన్ మాత్ర. సంగటి, ఆకుకూర రోజూ తింటున్నా మోషన్ ఎందుకు రాదో అప్పుడు అర్థమైంది.

ఇసబ్గోల్ గురించి మాత్రం జాగ్రత్త. అది నీళ్లు పీల్చుకుని ఉబ్బితేనే పనిచేస్తుంది. సరిపడా నీళ్లు తాగకపోతే పేగులోనే ముద్దకట్టి అడ్డుపడవచ్చు. అందుకే మీ మామగారికి నీళ్ల మీద ఆంక్ష ఉందో లేదో ముందు డాక్టర్‌ని అడగండి. నాయనకి దాని బదులు రాత్రిపూట 15 ఎం.ఎల్. లాక్ట్యులోజ్ సిరప్ రాసినారు. అది పేగులోకి నీటిని లాగి మలాన్ని మెత్తబరుస్తుంది. పని మొదలుకావడానికి ఒకట్రెండు రోజులు పడుతుంది, కడుపు కాస్త ఉబ్బరిస్తుంది. షుగర్ ఉంటే ముందే చెప్పండి. నీళ్లలో వేస్తే పొంగే పొడులు మాత్రం సొంతంగా ఇవ్వొద్దు, వాటిలో సోడియం ఎక్కువ.

ఇప్పుడు నాయన టిఫిన్ తిన్నాక పోతాడు, పేగులు కదిలేది అప్పుడే. కమోడ్ ముందు చిన్న పీట వేసి కాళ్లు దాని మీద పెట్టి, ముందుకు వంగి కూర్చుంటాడు. నోరు తెరిచి మెల్లగా ఊపిరి వదులుతాడు, బిగబట్టడు. రాకపోతే వచ్చేస్తాడు. అయ్యాక కాసేపు కూర్చుని, గోడకున్న పైపు పట్టుకుని లేస్తాడు.

ముక్కేటప్పుడు ఛాతీ పట్టేసినట్టున్నా, ఆయాసం వచ్చినా, స్పృహ తప్పినా మోషన్ సంగతి పక్కనపెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.