కొత్త కస్టమర్ మీద ఎంత ఖర్చు పెట్టొచ్చు: ఎక్సెల్ అసైన్‌మెంట్‌లో అసలు చూసేది ఏంటి?

ప్రశ్న: సర్, విజయవాడలో ఎంబీఏ మార్కెటింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. చిరుధాన్యాల టిఫిన్ మిక్స్‌లు ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీలో గ్రోత్ అనలిస్ట్ పోస్టుకి అప్లై చేశాను. 18 నెలల ఆర్డర్ల ఎక్సెల్ ఇచ్చి, ఒక కొత్త కస్టమర్‌ని తెచ్చుకోవడానికి గరిష్ఠంగా ఎంత పెట్టొచ్చో చెప్పమన్నారు. సగటు ఆర్డర్ 600, ఏడాదికి 4 ఆర్డర్లు, 2 ఏళ్లు ఉంటాడనుకుంటే ఎల్‌టీవీ, అంటే కస్టమర్ జీవితకాల విలువ, 4,800, అందులో మూడో వంతు 1,600 అని రాశాను. "కోహార్ట్ ఏది?" అని ఒక్క మాట అడిగి రిజెక్ట్ చేశారు. ఎక్కడ తేడా కొట్టింది?

జవాబు: మీ 1,600 నమ్మి ఖర్చు పెడితే ఆ కంపెనీ ఏడాది తిరగకుండా చేతులెత్తేసేది. లెక్క తప్పలేదు, మూడు అంకెలు గుణించారు, గుణకారం సరిగ్గానే ఉంది. ఆ మూడు అంకెలూ ఎక్కడి నుంచి వచ్చాయన్నదే గొడవ. మీ ఫైలు నేను చూడలేదు కాబట్టి అలాంటి కంపెనీకి నప్పే ఊహా అంకెలతో చెప్తాను, పద్ధతి పట్టుకోండి.

ముందు ఆ 600. అది కస్టమర్ కట్టిన డబ్బు, కంపెనీకి మిగిలింది కాదు. అందులో జీఎస్టీ సుమారు 28, సరుకూ ప్యాకింగూ 255, కొరియర్ 80, పేమెంట్ గేట్‌వే 12, క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి తలుపు దగ్గర వద్దనేసిన పార్సిళ్ల నష్టం ఆర్డరుకి 25 తీసేస్తే చేతిలో మిగిలేది 200. యాడ్ ఖర్చు తిరిగి రావాల్సింది ఈ 200 నుంచే. ఆఫీసు అద్దె, జీతాలు ఇంకా తీయలేదు, అవి కూడా దీంట్లోంచే పోవాలి. మూడో వంతు అనే రూలు సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్ కంపెనీల నుంచి వచ్చిన బండగుర్తు. దాన్ని ఆదాయం మీద వేస్తే, ఇక్కడ మిగిలేది కూడా సరిగ్గా మూడో వంతే కాబట్టి, కస్టమర్ జీవితకాలంలో మిగిలేదంతా ముందుగానే యాడ్స్‌కి ఇచ్చేయమని చెప్పినట్టయింది.

తర్వాత "ఏడాదికి 4". ఇది బహుశా రెండోసారి కొన్నవాళ్ల సగటు అయ్యుంటుంది, చాలామంది అలాగే తీస్తారు. ఒక్కసారి కొని మాయమైనవాళ్లని పక్కన పెట్టి, మిగిలినవాళ్ల సగటుని అందరికీ అంటగడితే ఎవరి ఎల్‌టీవీ అయినా బ్రహ్మాండంగానే కనిపిస్తుంది. ఇక 2 ఏళ్లు... ఫైలులో ఉన్నదే 18 నెలలు కదండీ, రెండేళ్లున్న కస్టమర్‌ని మీరు ఎక్కడ చూశారు?

వాళ్లు కోహార్ట్ అడిగింది ఇందుకే. ఒకే నెలలో మొదటిసారి కొన్నవాళ్లందరినీ ఒక బ్యాచ్‌గా కట్టి, ఆ బ్యాచ్ వయసు పెరిగేకొద్దీ ఎన్ని ఆర్డర్లు వచ్చాయో చూడటం, అంతే. కాలేజీలో 2022 బ్యాచ్, 2023 బ్యాచ్ అంటాం చూడండి, అలాంటిదే. ఎక్సెల్‌లో పెద్ద పనేం కాదు. బి కాలమ్‌లో కస్టమర్ ఐడీ, సి కాలమ్‌లో ఆర్డర్ తేదీ ఉన్నాయనుకుంటే, ఎఫ్‌లో మొదటి ఆర్డర్ తేదీ, జీలో బ్యాచ్ నెల, హెచ్‌లో 30 రోజుల లెక్కన వయసు:

```
F2: =MINIFS(C:C,B:B,B2)
G2: =EOMONTH(F2,-1)+1
H2: =INT((C2-F2)/30)
```

తర్వాత పివట్ వేసి అడ్డ వరుసల్లో జీ, నిలువు వరుసల్లో హెచ్, మధ్యలో ఆర్డర్ల సంఖ్య పెట్టండి. దీనికి ముందే క్యాన్సిల్ అయినవీ వెనక్కి వచ్చినవీ తీసేయాలి, లేకపోతే పార్సిల్ తీసుకోని మనిషి కూడా కస్టమర్ అయిపోతాడు. లాగిన్ లేకుండా కొన్నవాళ్లకి ప్రతిసారీ కొత్త ఐడీ పడిందేమో కూడా చూసుకోండి, ఫోన్ నంబరుతో కలిపితే తెలిసిపోతుంది. పడుంటే పాత కస్టమర్లంతా కొత్తవాళ్లుగా కనిపించి, మళ్లీ కొనేవాళ్లు అసలు లేరనిపిస్తుంది.

జనవరి బ్యాచ్ 1,000 మంది అనుకుందాం. మొదటి 30 రోజుల్లో 1,050 ఆర్డర్లు (కొందరు వెంటనే రెండోది పెడతారు), ఆ తర్వాత వరుసగా 190, 150, 130, 110, 90. అంటే ఆరు నెలలకి మొత్తం 1,720. తర్వాతి ఆరు నెలల్లో కలిపి ఇంకో 480. ఏడాదికి 2,200 ఆర్డర్లు, మనిషికి 2.2. ఆర్డరుకి 200 మిగులుతుంది కాబట్టి ఒక్కో కస్టమర్ మీద ఆరు నెలల్లో 344, ఏడాదిలో 440 వచ్చింది. మీరు రాసిన 4,800 పక్కన ఈ 440 పెట్టి చూడండి. ఇది అంచనా కాదు, ఆ బ్యాచ్ నిజంగా చేసి చూపించింది.

ఆ వరుస ఎలా తగ్గుతుందో కూడా గమనించండి. రెండో నెలలోనే ధడాలున పడిపోయి, ఆ తర్వాత నెమ్మదిగా జారుతుంది. పుస్తకంలో చెప్పే, చర్న్‌తో, అంటే నెలనెలా వదిలేసి వెళ్లేవాళ్ల వాటాతో, ఒకటిని భాగిస్తే జీవితకాలం వస్తుందన్న సూత్రం ప్రతి నెలా ఒకే శాతం జనం వెళ్లిపోతారని అనుకుంటుంది. ఇక్కడ అలా లేదు. నచ్చనివాళ్లు మొదట్లోనే పోతారు, ఉన్నవాళ్లు ఉంటారు. కాబట్టి ఒక్క నెల శాతం పట్టుకుని జీవితకాలం తేలిస్తే, ఏ నెల తీసుకున్నారన్నదాన్ని బట్టి జవాబు నాలుగు రకాలుగా వస్తుంది. డేటా ఉన్నంతవరకే 12 నెలల విలువ అని చెప్పండి, ఇంటర్వ్యూలో దానికే మార్కులు.

ఇప్పుడు అసలు మజా ఉన్న చోటు. అదే కంపెనీ అక్టోబరులో దసరా, దీపావళి సేల్ పెట్టి 30 శాతం తగ్గింపు ఇచ్చిందనుకోండి. 3,000 మంది కొత్తవాళ్లు వచ్చారు, ఒక్కొక్కరికి యాడ్ ఖర్చు 220. జనవరిలో అదే 300 అయింది. ఆ నెల మీటింగులో క్యాక్, అంటే ఒక కొత్త కస్టమర్‌ని తెచ్చుకునే ఖర్చు, తగ్గింది, ఆర్డర్లు పెరిగాయి అని అందరూ చప్పట్లు కొడతారు. కానీ 600 మీద 180 తగ్గించాక మొదటి ఆర్డర్లో మిగిలింది దాదాపు 20 రూపాయలే. ఆ తర్వాత 120 రోజులు నిండేసరికి ఈ 3,000 మంది నుంచి వచ్చిన తిరిగి ఆర్డర్లు 510, మనిషికి 0.17, అంటే 34 రూపాయలు. మొత్తం 54. జనవరి బ్యాచ్‌కి అదే వయసులో తిరిగి ఆర్డర్లు మనిషికి 0.52, మిగిలింది 304. చవగ్గా దొరికిన కస్టమర్ 220కి 54 తెచ్చాడు, ఖరీదైన కస్టమర్ 300కి 304 తెచ్చి అప్పటికే బాకీ తీర్చేశాడు. రెండు బ్యాచ్‌లనీ కలిపి సగటు తీస్తే ఇది ఎక్కడా కనపడదు, పైగా 3,000 మంది పెద్ద బ్యాచ్ కాబట్టి సగటు అంతా అటే లాగేస్తుంది. (డిస్కౌంట్‌ని మార్జిన్లోంచైనా తీయండి, క్యాక్‌లోనైనా కలపండి, రెండుచోట్లా వేయకండి.)

బ్యాచ్‌లని పోల్చేటప్పుడు ఒకే వయసు దగ్గర పోల్చాలి. అక్టోబరు బ్యాచ్‌కి అప్పటికి నాలుగు నెలలే నిండితే, మిగతా గడులు ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీల్లో సున్నాలు పెట్టి సగటు తీసినవాళ్లని చాలామందిని చూశాను. ఇంకా జరగనిదాన్ని జరగలేదని రాసినట్టవుతుంది, కొత్త బ్యాచ్‌లన్నీ దండగమారివిగా తేలతాయి.

సరే, మరి ఎంత పెట్టొచ్చు? ఇది కంపెనీ దగ్గర ఎంత కాలానికి సరిపడా డబ్బుందన్నదాని మీద ఆధారపడుతుంది. యాడ్ బిల్లు ఈ నెలే కట్టాలి, 440 మాత్రం ఏడాది పొడుగునా చుక్కచుక్కగా వస్తుంది. ఆరు నెలలకి మించి ఆగలేని కంపెనీకి సీలింగ్ 344, అందులోనూ జీతాలకి కొంత మిగలాలి కాబట్టి ఇంకా కిందే. ఏడాది ఆగగలిగితే 440 లోపు.

అయితే ఆ సీలింగ్‌ని దేనితో పోల్చాలన్న దగ్గర అనుభవం ఉన్నవాళ్లు కూడా బోల్తా పడతారు. నెలకి 3 లక్షలు పెడితే 1,000 మంది వచ్చారు, సగటు 300. బడ్జెట్‌ని నాలుగున్నర లక్షలు చేస్తే 1,300 మంది వచ్చారు, సగటు 346. ఏడాది విలువ 440 ఉంది కదా, పర్లేదు అనిపిస్తుంది. కానీ అదనంగా పెట్టిన లక్షన్నరకి వచ్చింది 300 మందే, ఒక్కొక్కరికి 500. ఆ 300 మంది మీద కంపెనీ తలకి 60 చొప్పున పోగొట్టుకుంటోంది. కొనాలని ముందే ఉన్నవాళ్లకి యాడ్ మొదట చేరుతుంది, బడ్జెట్ పెంచేకొద్దీ అంత ఆసక్తి లేనివాళ్ల దాకా పోతుంది, కాబట్టి వాళ్లు మళ్లీ కొనడం కూడా తక్కువే ఉంటుంది. యాడ్ లేకుండా ఎవరో చెప్తే వచ్చినవాళ్లని కూడా ఈ లెక్కలో కలిపేస్తే క్యాక్ ఇంకా ముద్దుగా కనిపిస్తుంది, వాళ్లని వేరుగా ఉంచండి.

ఇది చిన్న కంపెనీల పొరపాటే అనుకోకండి. అమెరికాలో ఇంటికి వంట సరుకుల పెట్టెలు పంపే బ్లూ ఏప్రన్ 2017 జూన్‌లో ఐపీఓకి వచ్చినప్పుడు, ఒక కస్టమర్‌కి 94 డాలర్లు ఖర్చవుతోందని పత్రాల్లో రాసింది. అది కొన్నేళ్ల మార్కెటింగ్ ఖర్చంతా కలిపి, వచ్చిన కస్టమర్లందరితో భాగించిన సగటు. డేనియల్ మెకార్థీ అనే మార్కెటింగ్ పరిశోధకుడు అవే పత్రాల్లోని అంకెలతో, కొత్తగా వస్తున్నవాళ్ల మీద ఖర్చు దానికంటే బాగా ఎక్కువనీ, చాలామంది ఆరు నెలల్లోపే వదిలేస్తున్నారనీ లెక్కగట్టి చూపించాడు. షేరు ధర మొదట 15 నుంచి 17 డాలర్లనుకుని చివరికి 10కి దిగారు. అప్పటి వేరే కారణాలు కూడా ఉన్నాయి లెండి, అమెజాన్ హోల్ ఫుడ్స్‌ని కొంటున్నట్టు అదే నెలలో ప్రకటించింది.

మీ విషయానికి వస్తే, రిజెక్ట్ చేసినా అదే ఫైలు మీద మళ్లీ కూర్చోండి, ఇంకోచోట ఇదే ప్రశ్న ఖాయంగా వస్తుంది. జవాబు ఒక్క పేజీ చాలు: బ్యాచ్‌ల పట్టిక, ఆర్డరుకి ఎంత మిగులుతుందో లెక్క, ఆరు నెలలకీ ఏడాదికీ విలువ, సేల్ బ్యాచ్‌ని విడిగా. కింద "ఆరు నెలల్లో డబ్బు తిరిగి రావాలంటే అదనంగా వచ్చే కస్టమర్‌కి 344 దాటకూడదు, మీకు ఏడాది ఆగే వీలుంటే 440 దాకా చూడొచ్చు, సేల్లో వచ్చినవాళ్లకి మాత్రం ఈ అంకె వర్తించదు" అని రాయండి. చానెల్ కాలమ్ ఉంటే ఇన్‌స్టాగ్రామ్, గూగుల్ బ్యాచ్‌లు విడదీయండి, కానీ ఒక్కో గడిలో యాభై, అరవై మందే మిగిలితే ఆపేయండి, నలుగురు ఎక్కువ కొన్నా శాతం ఎగిరి కూర్చుంటుంది. "రెండేళ్ల విలువ ఎంత?" అని తరచి అడిగితే, పాత బ్యాచ్‌లకి కూడా 18 నెలలే ఉన్నాయి, ఆపైన చెప్పేది అంచనా అవుతుంది, దాన్ని బడ్జెట్‌కి వాడను అని చెప్పేయండి.