వద్దన్న కంపెనీకే మళ్లీ మెయిల్ రాసేటప్పుడు

చిన్నీ,

నీ మెసేజ్ చూశాను. మూడు వారాల క్రితం బ్యాకెండ్ డెవలపర్ ఉద్యోగానికి "మీరు ఈ రోల్‌కి సరిపోరు" అన్న కంపెనీయే ఇప్పుడు ప్రొడక్షన్ సపోర్ట్ ఇంజనీర్ కావాలంటోంది, మళ్లీ అడిగితే చులకనైపోతానా అని కదా నీ బెంగ? ఇరవై రెండేళ్లు హెచ్ఆర్‌లో అవతలి కుర్చీలో కూర్చున్నవాణ్ని, నాకు తెలిసింది చెప్తాను.

వాళ్లు కాదన్నది నిన్ను ఆ ఒక్క కుర్చీకే. సిస్టమ్ డిజైన్ రౌండ్‌లో తడబడ్డానని నువ్వే అన్నావు. అదే ఇంటర్వ్యూలో, రాత్రి రెండు గంటలకు పేమెంట్లు ఆగిపోతే లాగ్స్ వెతికి, డేటాబేస్‌లో ఒక క్వెరీ మిగతావాటిని ఆపేస్తోందని ఎలా పట్టుకున్నావో చెప్తుంటే ప్యానెల్ ఆసక్తిగా విన్నారనీ అన్నావు. ఇంటర్వ్యూ చేసినవాళ్లు రౌండ్ రౌండ్‌కీ ఫీడ్‌బ్యాక్ రాసి పెడతారు. మొదటిది నీకు అడ్డు, రెండోది ఈ కొత్త ఉద్యోగానికి నీ బలం. రెండూ ఒకే ఫైల్‌లో ఉన్నాయి.

అందుకని కొత్త మనిషిలా నటించకు. మా దగ్గర ఒకబ్బాయి అలాగే వేరే మెయిల్ ఐడీతో మళ్లీ అప్లై చేశాడు. ఫోన్ నంబర్ మాత్రం పాతదే ఇచ్చాడు. సిస్టమ్ రెండు రెజ్యూమేలనూ పక్కపక్కన చూపించింది. పాత ఉద్యోగం వదిలిన నెల ఒకదానిలో మార్చి, ఇంకోదానిలో జూన్. పొరపాటే అయ్యుండొచ్చు, కానీ అడిగే ఓపిక ఎవరికుంది? నువ్వు పాత ఐడీతోనే, పాత తేదీలతోనే వెళ్లు. రెజ్యూమేలో ఆ సపోర్ట్ పనిని మాత్రం పైకి తీసుకురా.

ముందు నీతో మాట్లాడిన రిక్రూటర్‌కే రాయి. రిజెక్షన్ ఆమె సొంత ఐడీ నుంచి వచ్చి ఉంటే దానికే రిప్లై ఇవ్వు, పాత సంగతంతా ఆమె కళ్ల ముందే ఉంటుంది. నో-రిప్లై ఐడీ నుంచి వచ్చి ఉంటే, ఇంటర్వ్యూ టైమ్ ఖాయం చేసిన మెయిల్ వెతుకు. ఇంగ్లీషు నీ మాటల్లో రాసుకో కానీ సారాంశం ఇంతే ఉండాలి:

"గత నెల బ్యాకెండ్ రోల్‌కి ఇంటర్వ్యూ ఇచ్చాను, మీ నిర్ణయం అందింది. మీ సైట్‌లో సపోర్ట్ ఇంజనీర్ ఓపెనింగ్ చూశాను. మూడేళ్లుగా నేను రోజూ చేస్తున్న పని ఇదే: లాగ్స్, ఎస్‌క్యూఎల్, క్లయింట్ కాల్స్. దీనికి నన్ను పరిశీలించే వీలుందా, లేక మళ్లీ అప్లై చేయడానికి కొంతకాలం ఆగాలా?"

జాబ్ ఐడీ తప్పకుండా వెయ్యి. ఆ చివరి ప్రశ్న కూడా ఊరికే పెట్టింది కాదు. చాలా కంపెనీల్లో ఒకసారి కాదన్నాక ఆరు నెలలో, ఏడాదో కూలింగ్ పీరియడ్ అంటారు. కొన్నిచోట్ల అది అదే రోల్‌కి, కొన్నిచోట్ల కంపెనీ మొత్తానికి. నువ్వు అడిగితే ఒక్క ముక్కలో చెప్తారు, అడగకుండా పోర్టల్‌లో వేస్తే సిస్టమ్ దానంతటదే పక్కన పడేయొచ్చు.

"నాకెందుకు రాలేదు" అన్న చర్చ ఈ మెయిల్‌లో వద్దు. ఖాళీలన్నీ చూసి నాలుగింటికి కలిపి అడగనూ వద్దు. అలాంటి మెయిల్ వస్తే మేం "ఏదో ఒకటి చాలు" అని చదువుకునేవాళ్లం.

ఇక అసలు చిక్కు. పిలిస్తే మేనేజర్ అడిగే మొదటి ప్రశ్న: "డెవలపర్ అవుతానన్న అమ్మాయివి, ఇప్పుడు సపోర్ట్ ఎందుకు?" అతని భయం, ఆరు నెలల్లో డెవలప్‌మెంట్‌కి మార్చమంటావని. నీ మనసులో అదే ఉంటే మెయిల్ పంపకు, దొరికిపోతావు. లేదూ, తప్పు ఎక్కడుందో వెతికే పనే నీకు ఇష్టమైతే, ఆ రాత్రి రెండు గంటల కథే మళ్లీ చెప్పు. ఈసారి చివర్లో, ఆ సమస్య మళ్లీ రాకుండా ఏ అలర్ట్ పెట్టావో కూడా కలుపు. నైట్ షిఫ్ట్‌లు ఎన్ని, జీతం ఏ బ్యాండ్‌లో అన్నది మాత్రం మొదటి ఫోన్ కాల్‌లోనే రిక్రూటర్‌ని అడిగెయ్. డెవలపర్ రోల్‌కి చెప్పిన అంకె ఇక్కడా ఉంటుందనుకోవద్దు.

వారం పది రోజులు జవాబు రాకపోతే అదే మెయిల్ కింద రెండు లైన్లు రాయి. దానికీ పలకకపోతే వదిలెయ్. ఆ కంపెనీలో ఉన్న నీ సీనియర్ చేత రిఫర్ చేయిస్తానన్నావుగా, నీ పాత అప్లికేషన్ సంగతి అతనికి ముందే చెప్పు. కొన్ని కంపెనీల్లో ఆల్రెడీ సిస్టమ్‌లో ఉన్నవాళ్లకి రిఫరల్ చెల్లదు, పాపం బోనస్ వస్తుందని ఎదురుచూస్తాడు.

డ్రాఫ్ట్ రాసి ఇవాళ రాత్రికి నాకు పంపు. "క్షమించాలి" అన్న మాట కనిపిస్తే కొట్టేస్తాను.

మీ మామయ్య