మతిమరుపుకి లయన్స్ మేన్, రీషీ క్యాప్సూల్స్: డబ్బాలో అసలేముంది?

ప్రశ్న: భీమవరంలో ఉండే నాన్నగారికి 68 ఏళ్లండి. ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, స్టెంట్ వేశాక క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. తమ్ముడు లయన్స్ మేన్, రీషీ, కార్డిసెప్స్ అనే పుట్టగొడుగులు కలిపిన క్యాప్సూల్స్ పంపాడు. ఒక్కోటి 500 మి.గ్రా., రోజుకు రెండు, డబ్బాలో 60. లేబుల్ మీద "10:1, పాలీశాకరైడ్లు 40 శాతం" అని ఉంది. వేయొచ్చా?

జవాబు: ఇప్పుడే వేయకండి. అడ్డం రీషీ. రక్తం గడ్డకట్టడాన్ని అది కొంత తగ్గించే అవకాశం ఉంది, క్లోపిడోగ్రెల్ పనీ అదే. రెండూ కలిస్తే చిగుళ్ల నుంచి రక్తం కారడం, ఊరికే కమిలిన మచ్చలు రావడం లాంటివి మొదలవ్వచ్చు. రీషీ పొడి వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. గుండె డాక్టరుగారికి లేబుల్ ఫోటో చూపించకుండా డబ్బా తెరవొద్దు. స్టెంట్ మందు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మీ అంతట మీరు ఆపకండి.

ఇక లేబుల్ సంగతి. "పాలీశాకరైడ్లు 40 శాతం" అంటే ఘనంగా వినిపిస్తుంది గానీ, పిండిపదార్థం కూడా పాలీశాకరైడే. చూడాల్సింది పుట్టగొడుగులో ఉండే పాలీశాకరైడ్ అయిన బీటా గ్లూకాన్ ఎంత అన్నది. అది రాయకుండా పాలీశాకరైడ్ల లెక్క మాత్రమే రాశారంటే నాకైతే అనుమానమే. మన వైపు పాల పుట్టగొడుగులు పెంచేవాళ్ల దగ్గర విత్తనం సంచి చూసే ఉంటారు, ఉడికించిన జొన్నల మీద తెల్లగా అల్లుకున్న బూజు. దాన్నే మైసీలియం అంటారు. కొన్ని కంపెనీలు అలాంటి సంచిని గింజలతో సహా ఎండబెట్టి పొడి కొట్టి క్యాప్సూల్‌లో నింపుతాయి. అందులో పుట్టగొడుగు కంటే జొన్న పిండో బియ్యప్పిండో ఎక్కువ ఉండొచ్చు.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. ఒక క్యాప్సూల్ విప్పి పొడిని అర గ్లాసు మరుగుతున్న నీళ్లలో కలిపి, పూర్తిగా చల్లారనివ్వండి. పక్కన ఇంకో గ్లాసులో పలుచటి గంజి పెట్టుకోండి. రెండింట్లోనూ మందుల షాపులో దొరికే అయోడిన్ రెండు మూడు చుక్కలు వేయండి. గంజి నల్లటి నీలంగా మారుతుంది. పొడి నీళ్లూ అలాగే మారితే అందులో పిండి దండిగా ఉన్నట్టే. వేడిగా ఉండగా వేస్తే రంగు రాదు, అక్కడే చాలామంది పొరబడతారు. రంగు రాకపోయినా సరుకు మంచిదని రుజువు కాదు. పిండి నుంచి తయారుచేసే మాల్టోడెక్స్ట్రిన్ అనే పొడి కలిపితే ఈ పరీక్షకు సరిగ్గా దొరకదు. పరీక్ష చేసిన నీళ్లు పారబోయండి.

"10:1" అంటే పది కిలోల ఎండు పుట్టగొడుగు నుంచి కిలో సారం తీశామని చెప్పుకోవడం. సారంలోకి ఏం దిగిందో ఆ అంకె చెప్పదు. వేడినీళ్లలో బీటా గ్లూకాన్లు దిగుతాయి. రీషీలో చేదునిచ్చే ట్రైటెర్పీన్లు, లయన్స్ మేన్‌లోని హెరిసెనోన్లు దిగాలంటే ఆల్కహాల్ కావాలి. పైగా ఆల్కహాల్ ఎక్కువైతే బీటా గ్లూకాన్లు అడుక్కి పేరుకుపోతాయి, అందుకే రెండూ కావాలంటే విడివిడిగా తీసి కలుపుతారు. రీషీ సారం నాలుక మీద వేసుకుంటే చేదు లేదంటే ట్రైటెర్పీన్లు అంతంతమాత్రమే.

మతిమరుపు మీద తరచూ చెప్పే అధ్యయనం జపాన్‌లో 2009లో వచ్చింది. 50 నుంచి 80 ఏళ్ల మధ్య, స్వల్ప మతిమరుపు ఉన్న సుమారు 30 మంది మీదే చేశారు. 250 మి.గ్రా. మాత్రలు పూటకి నాలుగు చొప్పున మూడు పూటలా, అంటే రోజుకు 3 గ్రాములు, 16 వారాలు ఇచ్చారు. మతిమరుపు పరీక్షలో మార్కులు పెరిగాయి, ఆపేసిన నాలుగు వారాలకు మళ్లీ తగ్గాయి. వాడింది సారం కాదు, లయన్స్ మేన్ పుట్టగొడుగు పొడి.

మీ డబ్బాతో పోల్చి చూడండి. మూడూ సమంగా కలిపారనుకుంటే క్యాప్సూల్‌కి లయన్స్ మేన్ 167 మి.గ్రా. వస్తుంది. అది మామూలు పొడే అయితే 3 గ్రాములకు రోజుకు 18 క్యాప్సూల్స్ కావాలి, డబ్బా నాలుగో రోజుకే ఖాళీ. నిజంగా సారమే అయినా ఆ పొడి అధ్యయనం ఫలితం దీనికి వర్తిస్తుందని చెప్పే ఆధారం లేదు. కార్డిసెప్స్‌ని ఎక్కువగా ఓపిక కోసం అమ్ముతారు. దాని మీద జరిగినవి చిన్న అధ్యయనాలు, ఫలితాలూ ఒక దారిన లేవు. హిమాలయాల్లో పురుగు మీద మొలిచే రకం లక్షల్లో పలుకుతుంది కాబట్టి క్యాప్సూల్స్‌లో ఉండేది సాధారణంగా పెంపకం సరుకే.

దీనికంటే ముందు నాన్నగారికి బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గొచ్చు, దాని వల్ల కూడా మరుపు వస్తుంది. రిపోర్టులో బి12 తక్కువుంటే దానికి మందు చవక, పైగా ఆధారం ఉన్నది.

ఆ తర్వాత కూడా లయన్స్ మేన్ ఇద్దామనుకుంటే, డాక్టరుగారు సరేనంటే, మూడూ కలిపినది వద్దు. లయన్స్ మేన్ ఒక్కటే ఉన్నది, పుట్టగొడుగుతో చేశామని, బీటా గ్లూకాన్ శాతం ఇంత అని లేబుల్ మీద రాసినది తీసుకోండి. ఒంటి మీద దద్దుర్లు వచ్చినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆపేయాలి. మొదటి వారాల్లో షుగర్ మామూలు కంటే తరచుగా చూసుకోమనండి.